ఇంటి అద్దె మీద ట్యాక్స్: ఓనర్లలో ఉన్న అపోహలు, అసలు లెక్క

ఏటా జూన్, జూలైలో నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో జీతం లెక్క తప్పిన కేసులు తక్కువే ఉంటాయి, ఎందుకంటే కంపెనీ ఫామ్ 16 ఇస్తుంది, అందులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించేస్తారు. తప్పులన్నీ అద్దె దగ్గరే. అద్దెకి ఎవరూ ఫామ్ ఇవ్వరు కదా, లెక్క మనమే వేసుకోవాలి, అక్కడ పక్కింటాయన చెప్పింది, ఆఫీసులో విన్నది, ఎప్పుడో ఎక్కడో చదివింది అన్నీ కలిసిపోతాయి. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నా కాబట్టి ఎక్కువగా వినే మాటలు కొన్ని తీసుకుని ఒక్కొక్కటీ వివరంగా రాస్తున్నా. అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి.

ముందు ఒక కేసు చెప్తా, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఒకావిడ బెంగళూరులో ఉద్యోగం చేస్తారు, మియాపూర్‌లో ఫ్లాట్ ఉంది, నెలకి 25,000కి అద్దెకిచ్చారు, అందులోనే అసోసియేషన్ మెయింటెనెన్స్ 3,000 కూడా కలిసి ఉంది, అది ఈవిడే కడతారు. ఆవిడ ఒక తెల్లకాగితం మీద లెక్క రాసుకొచ్చారు: అద్దె 3,00,000, మెయింటెనెన్స్ 36,000 తీసేస్తే, పెయింటింగ్ 45,000 తీసేస్తే, ప్రాపర్టీ ట్యాక్స్ 10,000 తీసేస్తే, ఈఎంఐలు 4,32,000 తీసేస్తే, మొత్తం 2,23,000 నష్టం. "సర్, ఇది జీతంలోంచి తగ్గించేయండి" అన్నారు. ఆ కాగితంలో సరిగ్గా ఉన్నవి రెండే, అద్దె మొత్తం, ప్రాపర్టీ ట్యాక్స్.

అపోహ: ఇంటి మీద పెట్టిన ఖర్చులన్నీ బిల్లులుంటే తీసేసుకోవచ్చు.

కుదరదు. ఇంటి ఆదాయం లెక్కలో చట్టం ఒప్పుకునే తగ్గింపులు ప్రధానంగా మూడే. మీరు కట్టిన మున్సిపల్ ట్యాక్స్, అది పోయాక మిగిలిన దాంట్లో 30 శాతం, ఆ తర్వాత లోన్ వడ్డీ. అంతే. పెయింటింగ్, ప్లంబరు, మోటారు రిపేరు, బ్రోకర్ కమీషన్, ఇంటి ఇన్సూరెన్స్, అద్దె వసూలుకి మనిషిని పెట్టుకుంటే అతని జీతం, ఇవన్నీ ఆ 30 శాతంలోనే వచ్చేశాయని లెక్క. మీరు లక్ష ఖర్చు పెట్టినా 30 శాతమే, రూపాయి ఖర్చు పెట్టకపోయినా 30 శాతమే. దానికి బిల్లులు చూపించక్కర్లేదు, ఎవరూ అడగరు కూడా.

మెయింటెనెన్స్ సంగతి మాత్రం కొంచెం ఆగి చూడాలి. ఆవిడ అద్దె 25,000 అని అగ్రిమెంట్‌లో రాసి, అందులోంచి 3,000 అసోసియేషన్‌కి తనే కడుతున్నారు, కాబట్టి 25,000 మొత్తం అద్దె కిందే వస్తుంది, కట్టిన 36,000కి రిటర్న్‌లో విడిగా గడి లేదు. అదే అగ్రిమెంట్‌లో అద్దె 22,000, మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్లే నేరుగా అసోసియేషన్‌కి కట్టుకోవాలి అని రాసి, నిజంగా అలాగే కట్టి ఉంటే ఈవిడ అద్దె 2,64,000 మాత్రమే అయ్యేది. 36,000 తేడాలో 30 శాతం ఎలాగూ పోతుంది కాబట్టి పన్ను పడే ఆదాయంలో 25,200 తగ్గేది. అద్దెకున్నవాళ్లకి అదే ఖర్చు, ఓనర్‌కి చేతికొచ్చేదీ అదే. కొత్త అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు ఈ ఒక్క లైన్ చూసుకోండి. పాత డేట్ వేసి ఇప్పుడు మార్చడం మాత్రం వద్దు, అద్దెకున్నవాళ్లు హెచ్ఆర్ఏ కోసం తమ ఆఫీసులో 25,000 అని మీ పాన్ నంబరుతో సహా ఇచ్చి ఉంటారు, రెండూ కలవవు.

అపోహ: జీతంలో స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్నాం కాబట్టి అద్దె మీద మళ్లీ రాదు.

పేరు ఒకటే అవడం వల్ల వచ్చిన గందరగోళం ఇది. జీతానికి, పెన్షన్‌కి ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ కొత్త ట్యాక్స్ విధానంలో 75,000, పాత ట్యాక్స్ విధానంలో 50,000, అది జీతం లెక్కలో తీసేది. అద్దె మీద 30 శాతం వేరు, అది ఇంటి లెక్కలోది. రెండూ వస్తాయి. పెన్షన్ తీసుకుంటూ పైపోర్షన్ అద్దెకిచ్చిన పెద్దవాళ్లు చాలామంది దీన్ని వదిలేసుకుంటున్నారు, చూస్తుంటే బాధేస్తుంది. కొత్త విధానంలో డిడక్షన్లన్నీ తీసేశారు కదా, ఈ 30 శాతం కూడా పోయిందేమో అని ఇంకో అనుమానం. పోలేదు. పాతదైనా కొత్తదైనా 30 శాతం వస్తుంది.

అపోహ: ప్రాపర్టీ ట్యాక్స్ డిమాండ్ నోటీసులో ఎంతుంటే అంత తీసెయ్యొచ్చు.

డిమాండ్ ఎంతుందో కాదు, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపల మీరు ఎంత కట్టారో అదే లెక్క. నేను ముందు చూసేది రసీదు మీద డేటు. హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో కడితే 5 శాతం తగ్గింపు ఇచ్చే ఎర్లీ బర్డ్ ఉంటుంది కాబట్టి చాలామంది ఏప్రిల్ మొదట్లోనే కట్టేస్తారు. ఏప్రిల్ 2026లో కట్టిన రసీదు తెచ్చి 2025-26 రిటర్న్‌లో వేయమంటారు, అది కుదరదు, అది వచ్చే ఏడాది లెక్కకి వెళ్తుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. మూడేళ్ల బకాయి ఒకేసారి ఈ ఏడాది కట్టారనుకోండి, ఆ మూడేళ్ల ట్యాక్సూ ఈ ఏడాదే తీసుకోవచ్చు, ఏ ఏడాది బాకీ అన్నది అడ్డం కాదు. లేటుగా కట్టినందుకు పడిన వడ్డీ, పెనాల్టీ మాత్రం ట్యాక్స్ కాదు, దాన్ని కలపొద్దు. అలాగే వాటర్ బోర్డుకి కట్టే నెల బిల్లు, కరెంటు బిల్లు ఇందులోకి రావు. ఒకవేళ ప్రాపర్టీ ట్యాక్స్ అద్దెకున్నవాళ్లే కట్టే ఒప్పందం ఉంటే అది మీకు తగ్గింపు కాదు, ఓనర్ కడితేనే.

ఇంకో తప్పు సొంతిళ్లలో జరుగుతుంది. విజయవాడలో ఒక రిటైర్డ్ టీచర్ గారు కింద ఉంటారు, పైన అదే సైజు పోర్షన్ 15,000కి ఇచ్చారు. ఇల్లు మొత్తానికి ట్యాక్స్ 8,000 వస్తే అంతా అద్దెలోంచి తీసేసేవారు. అద్దెకిచ్చింది సగమే కాబట్టి 4,000 మాత్రమే తీయాలి. అప్పుడు 1,80,000లో 4,000 పోతే 1,76,000, అందులో 30 శాతం 52,800, మిగిలింది 1,23,200. లోన్ లేదు, కాబట్టి పెన్షన్‌కి కలిసేది ఇదే. ఇక్కడ వరస గమనించండి, ముందు ట్యాక్స్ తీసి ఆ తర్వాత 30 శాతం వేయాలి. ఆయన ముందే 1,80,000 మీద 30 శాతం వేసేవారు. తేడా 1,200 రూపాయలే, కానీ తప్పు తప్పే.

అపోహ: లోన్ ఈఎంఐ మొత్తం అద్దెలోంచి పోతుంది.

మియాపూర్ కేసులో పెద్ద తేడా ఇక్కడే వచ్చింది. ఈఎంఐలో అసలు, వడ్డీ రెండూ కలిసి ఉంటాయి. అద్దె లెక్కలో వడ్డీకి మాత్రమే చోటుంది. ఆవిడ చేత బ్యాంకు యాప్‌లోంచి ఆ ఏడాది వడ్డీ సర్టిఫికెట్ తీయిస్తే 4,32,000లో వడ్డీ 3,10,000, అసలు 1,22,000 అని ఉంది. కట్టిన అసలుకి తగ్గింపు సంగతి 80సీ సెక్షన్ కింద చూసుకోవాలి, అదీ పాత విధానంలో ఉంటేనే. ఈ సర్టిఫికెట్‌లో ఇంకో విషయం చూడండి, కొన్ని బ్యాంకులు ఏడాది మధ్యలో అంచనా సర్టిఫికెట్ ఇస్తాయి, రేటు మారితే ఆ అంకె మారిపోతుంది, అందుకని మార్చి 31 తర్వాత తీసిన ఫైనల్‌దే వాడండి.

ఇప్పుడు ఆవిడ లెక్క సరిగ్గా వేద్దాం. అద్దె 3,00,000, ప్రాపర్టీ ట్యాక్స్ 10,000 పోతే 2,90,000. అందులో 30 శాతం 87,000 పోతే 2,03,000. వడ్డీ 3,10,000 తీస్తే 1,07,000 నష్టం. ఆవిడ అనుకున్నది 2,23,000, సగం కూడా లేదు.

అపోహ: వడ్డీకి 2 లక్షలే లిమిట్.

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ నష్టం చేస్తోంది. మీరే ఉండే ఇంటికి వడ్డీ మామూలుగా 2 లక్షల వరకే, అదీ పాత విధానంలోనే. అద్దెకిచ్చిన ఇంటికి వడ్డీ మీద లిమిట్ లేదు, 5 లక్షలున్నా మొత్తం తీయొచ్చు. 2 లక్షల గీత వేరే చోట ఉంది, ఇంటి లెక్కలో వచ్చిన నష్టాన్ని జీతం లాంటి వేరే ఆదాయంలోంచి తగ్గించుకునేటప్పుడు ఒక ఏడాదిలో 2 లక్షలే. ఆవిడ వడ్డీయే 5,10,000 అయి ఉంటే నష్టం 3,07,000, పాత విధానంలో అందులో 2,00,000 జీతంలోంచి పోయి, మిగతా 1,07,000 వచ్చే ఎనిమిదేళ్ల వరకు ఇంటి ఆదాయంలోంచి తగ్గించుకోవడానికి ఉంటుంది. దీన్ని వడ్డీ లిమిట్ అనుకుని 5,10,000 బదులు 2,00,000 మాత్రమే వేసిన రిటర్న్‌లు నా చేతికి వస్తుంటాయి.

అపోహ: నష్టం వస్తే జీతం మీద ట్యాక్స్ తగ్గినట్టే.

పాత విధానంలో అవును. కొత్త విధానంలో కాదు. కొత్తదాంట్లో కూడా అద్దెకిచ్చిన ఇంటికి వడ్డీ తీసుకోవచ్చు, కానీ దానివల్ల నష్టం వస్తే జీతంలోంచి ఒక్క రూపాయి కూడా తగ్గదు, ఆ ఏడాది అద్దె మీద ట్యాక్స్ సున్నా అవుతుంది, అక్కడితో ఆగిపోతుంది. ఇప్పుడు కొత్త విధానమే డిఫాల్ట్ కాబట్టి ఏమీ చెప్పకపోతే కంపెనీ అదే పట్టుకుంటుంది, ఈవిడకీ అలాగే జరిగింది. పాత విధానంలో అయితే 1,07,000 నష్టం వల్ల 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకి సెస్సుతో కలిపి 33,384 రూపాయల ట్యాక్స్ తగ్గుతుంది. ఆ అంకె చూసి పాతదానికి వెళ్లిపోదామన్నారు, ఆగమన్నాను. పాతదాంట్లో స్లాబు రేట్లు ఎక్కువగా ఉంటాయి, కాబట్టి జీతం, హెచ్ఆర్ఏ, 80సీ, ఇంటి నష్టం అన్నీ వేసి రెండు విధానాల్లోనూ మొత్తం ట్యాక్స్ ఎంతో పక్కపక్కన రాసుకున్నాకే తేల్చుకోవాలి. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగులు గడువు తేదీలోపల రిటర్న్ వేస్తే అందులోనే పాతదాన్ని ఎంచుకోవచ్చు, కంపెనీ కొత్తదాంట్లో టీడీఎస్ కోసినా ఫర్వాలేదు.

అపోహ: ఇల్లు చేతికి రాకముందు కట్టిన వడ్డీ పోయినట్టే.

దాదాపు ఎవరూ అడగని విషయం ఇది, నేనే అడిగి మరీ తీయిస్తా. ఫ్లాట్ కట్టేటప్పుడు రెండు మూడేళ్లు ప్రీ ఈఎంఐ వడ్డీ కడతాం కదా, దాన్ని ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి ఐదు సమాన భాగాలుగా తీసుకోవచ్చు. ఫ్లాట్ డిసెంబర్ 2025లో పూర్తయిందనుకోండి, లోన్ తీసుకున్న రోజు నుంచి 31 మార్చి 2025 వరకు కట్టిన వడ్డీ 3,00,000 అయితే ఏడాదికి 60,000 చొప్పున 2025-26 నుంచి ఐదేళ్లు వస్తుంది. ఏప్రిల్ 2025 నుంచి ఉన్న వడ్డీ ఆ ఏడాది మామూలు వడ్డీలోనే పూర్తిగా పోతుంది. ఈ మియాపూర్ ఆవిడ ఫ్లాట్ 2023-24లో పూర్తయింది, అంతకుముందు కట్టిన వడ్డీ సర్టిఫికెట్లు అడిగితే పాత మెయిల్లో వెతికి రెండేళ్లవి పంపారు, కలిపితే 1,90,000. ఐదో వంతు 38,000 కలిపితే ఈ ఏడాది వడ్డీ 3,48,000, నష్టం 1,45,000 అయింది. మొదటి రెండేళ్ల భాగాలు ఆ ఏళ్ల రిటర్న్‌లలో వేయలేదు కాబట్టి వాటిని తెచ్చి ఇప్పుడు కలపడానికి లేదు, ఇంకా మిగిలింది 2026-27, 2027-28 భాగాలు.