ఓదార్పు మెసేజ్‌లో సలహా ఎందుకు ఇమడదు

రాత్రి పదకొండింటికి ఫోన్ మోగుతుంది. దగ్గరి స్నేహితుడి నుంచి రెండే ముక్కలు: "అయిపోయింది. ఇంక మేం మాట్లాడుకోం." నాలుగేళ్ళ ప్రేమ. ఆ జంటను మొదట్నుంచీ చూస్తూ వచ్చిన మనిషి మీరు. ఇప్పుడేదో ఒకటి రాయాలి. చాలామంది వేళ్ళ నుంచి వెంటనే వచ్చే జవాబు ఇలా ఉంటుంది:

"అయ్యో, బాధపడకురా. నాకు ముందునుంచీ ఆ అమ్మాయి మీద నమ్మకం లేదు. నీకు ఇంతకంటే మంచి మనిషి దొరుకుతుంది, చూస్తూ ఉండు. ముందు ఆ నంబర్ బ్లాక్ చెయ్యి. ఏదో ఒక పనిలో పడు. ఏదైనా కావాలంటే చెప్పు."

ఇందులో ప్రతి మాటా ప్రేమతో రాసిందే. అయినా చదివిన మనిషికి ఒంటరితనం తగ్గకపోగా ఇంకాస్త పెరగవచ్చు. ఎందుకన్నది మనస్తత్వ శాస్త్రం కొన్ని దశాబ్దాలుగా పరిశీలిస్తున్న విషయం.

1986లో డారిన్ లేమన్, జాన్ ఎల్లార్డ్, కామిల్ వోర్ట్‌మన్ ఒక అధ్యయనం ప్రచురించారు. రోడ్డు ప్రమాదాల్లో భర్తనో, భార్యనో, బిడ్డనో పోగొట్టుకున్నవాళ్ళను కలిసి, చుట్టూ ఉన్నవాళ్ళు చేసినవాటిలో ఏది ఊరటనిచ్చింది, ఏది ఇవ్వలేదు అని అడిగారు. ఊరటనివ్వని వాటిలో ముందు వరుసలో ఉన్నది సలహా. త్వరగా తేరుకోమని తొందరపెట్టడం కూడా ఆ జాబితాలోనే ఉంది. ఊరటనిచ్చిన వాటిలో, మనసులో ఉన్నది చెప్పుకోనివ్వడం, అలాంటి నష్టమే చూసిన మరొకరితో మాట్లాడే వీలు కలగడం కనిపించాయి. ఆ అధ్యయనంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది దాని రెండో భాగం. అలాంటి నష్టం లేనివాళ్ళను కూడా పిలిచి, "మీకు తెలిసినవాళ్ళకు ఇలా జరిగితే మీరేం చేస్తారు?" అని అడిగారు. వాళ్ళు చెప్పిన జవాబులు చాలావరకు సరైనవే. అంటే ఏం చేయాలో మనకు తెలుసు. ఎదుట కూర్చున్న మనిషి ఏడుస్తున్నప్పుడు మనలో పుట్టే కంగారే ఆ తెలివిని పక్కకు నెట్టేస్తుంది అని పరిశోధకులు భావించారు. ఆ అధ్యయనం మరణాల గురించి చేసింది, ప్రేమ విఫలమైనవాళ్ళ గురించి కాదు. కానీ కంగారు పనిచేసే తీరు రెండుచోట్లా ఒకటే అనిపిస్తుంది. స్నేహితుడి బాధ చూడలేక, దాన్ని త్వరగా ముగించే దారి వెతుకుతాం. సలహా సగం అతని కోసం, సగం మన కంగారు తగ్గించుకోవడం కోసం పుడుతుంది.

ఇప్పుడు మెసేజ్‌లోకి వెళ్దాం. "బాధపడకు" అన్న మొదటి మాటనే తీసుకోండి. ఓదార్పు మాటల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన బ్రాంట్ బర్ల్‌సన్, ఆ మాటలను అవతలి మనిషి భావాలకు ఎంత చోటిస్తున్నాయన్న కొలతతో వర్గీకరించాడు. అట్టడుగున ఉండేవి ఆ భావాన్ని కొట్టిపారేసేవి, లేదా అలా అనిపించడం తప్పు అనేవి. మధ్యలో ఉండేవి జాలి చూపిస్తూ, దృష్టి మళ్ళిస్తూ, భావాన్ని మాత్రం తాకకుండా దాటిపోయేవి. పైన ఉండేవి ఆ భావాన్ని పేరు పెట్టి గుర్తించి, దాని గురించి ఇంకా చెప్పుకునే వీలు ఇచ్చేవి. ఎన్నో అధ్యయనాల్లో ఈ పై వరుస మాటలనే జనం ఎక్కువ ఊరటనిచ్చేవిగా ఎంచుకున్నారు. "బాధపడకు" అట్టడుగు వరుసలోకి వస్తుంది. ఉద్దేశం ఎంత మంచిదైనా, ఇప్పుడు నీకు కలుగుతున్నది కలగకూడనిది అని ఆ మాట చెబుతుంది.

రెండో వాక్యం, "నాకు ముందునుంచీ నమ్మకం లేదు", స్నేహితుడి పక్షాన నిలబడినట్టు కనిపిస్తుంది. కానీ అతనింకా ఆమెను వదులుకోలేదు. 2010లో హెలెన్ ఫిషర్ బృందం, ప్రేమించినవాళ్ళు కాదన్నాక కూడా ప్రేమిస్తూనే ఉన్న 15 మంది మెదళ్ళను స్కాన్ చేసింది. మెలకువగా ఉన్న సమయంలో 85 శాతానికి పైగా ఆ మనిషి గురించే ఆలోచిస్తున్నామని వాళ్ళు చెప్పారు. ఆ మనిషి ఫొటో చూపినప్పుడు, బహుమతి కోసం తహతహలాడేటప్పుడు పనిచేసే, డోపమిన్ అనే రసాయనంతో నడిచే మెదడు ప్రాంతాలు ఉత్తేజం పొందాయి. వ్యసనపు కోరికలోనూ ఆ ప్రాంతాలే పాల్గొంటాయి. పదిహేను మంది తక్కువే కాబట్టి దీని మీద పెద్ద భవనం కట్టకూడదు. కానీ బంధం తెగినంత మాత్రాన కోరిక తెగదన్నది ఎవరికైనా అనుభవంలో ఉన్నదే. ఆ స్థితిలో ఉన్న మనిషి ముందు ఆమెను తిడితే, ఆమె తరఫున వాదించే పని అతని మీద పడుతుంది. వారం తర్వాత వాళ్ళిద్దరూ మళ్ళీ కలిస్తే, మీతో ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడతాడు.

"మంచి మనిషి దొరుకుతుంది" అన్నది కాస్త వేరు. ఇందులో నిజం ఉండవచ్చు. పాల్ ఈస్ట్‌విక్, ఎలీ ఫింకెల్ తదితరులు 2008లో చూపినట్టు, విడిపోతే ఎంత కుంగిపోతామో జనం ముందుగా వేసుకునే అంచనా, నిజంగా కలిగిన బాధకంటే ఎక్కువే ఉంటుంది. ఎక్కువగా ప్రేమిస్తున్నవాళ్ళలో ఈ తేడా మరింత. అయితే ఈ నిజం ఈ రాత్రి అక్కరకు రాదు. మనిషి ఫలానా ఒకరు లేరని ఏడుస్తున్నాడు, ఎవరో ఒకరు లేరని కాదు.

ఇక సలహా. నంబర్ బ్లాక్ చేయడం నిజంగా మంచి ఆలోచనే కావచ్చు. చిక్కు సలహాలోని సరుకులో లేదు, అది మోసుకొచ్చే సూచనలో ఉంది. "నీకు చేతకావడం లేదు, నేను చెబుతాను" అన్న సూచన అది. నయల్ బోల్గర్, ఆడమ్ జుకర్‌మన్, రోనాల్డ్ కెస్లర్ 2000లో ప్రచురించిన పరిశోధన దీన్ని చక్కగా బయటపెట్టింది. న్యూయార్క్‌లో లాయరు పరీక్షకు చదువుతున్నవాళ్ళూ, వాళ్ళ జీవిత భాగస్వాములూ రోజూ విడివిడిగా డైరీ నింపారు. ఈ రోజు తోడ్పాటు ఇచ్చానా, ఈ రోజు తోడ్పాటు అందిందా అని. తోడ్పాటు అందిందని గుర్తించిన రోజుల తర్వాత పరీక్ష రాసేవాళ్ళ దిగులు తగ్గలేదు, కొంత పెరిగింది కూడా. భాగస్వామి ఇచ్చానని రాసి, అవతలివాళ్ళు గమనించకుండా ఉన్న రోజుల తర్వాత దిగులు తగ్గింది. సాయం కంటికి కనిపించినప్పుడు దాంతోపాటు "నేను బలహీనంగా ఉన్నాను" అన్న స్పృహ కూడా వస్తుందని ఒక వివరణ. పక్కన కూర్చుని ఉండటం, మామూలుగా పలకరించడం ఈ ఖర్చు లేకుండా చేరతాయి.

చివరి వాక్యం, "కావాలంటే చెప్పు", మర్యాదైనదే. కానీ ఏం కావాలో ఆలోచించి, అడగడానికి మాటలు కూర్చుకుని, అడిగితే బరువవుతానేమో అని తర్కించుకునే పని మొత్తం ఆ రాత్రి అన్నిటికంటే అలసిపోయిన మనిషికే అప్పగిస్తుంది. ఎక్కువమంది అడగరు.

వీటన్నిటినీ తీసేస్తే ఏం మిగులుతుంది? ఇదిగో, ఒక రూపం:

"ఇప్పుడే చూశానురా. నాలుగేళ్ళు... ఎంత కష్టంగా ఉందో. ఏం చెప్పాలో నాకు తోచడం లేదు, కానీ నేనున్నాను. దీనికి జవాబు రాయక్కర్లేదు. రేపు సాయంత్రం ఒకసారి ఫోన్ చేస్తాను. మాట్లాడాలని లేకపోతే ఎత్తకు, ఏమీ అనుకోను."

"నాలుగేళ్ళు" అన్న ఒక్క మాట, పోయినదాని పరిమాణం మీకు తెలుసని చెబుతుంది. "కష్టంగా ఉందో" అనడం భావాన్ని గుర్తించి, దానికి కారణమో పరిష్కారమో జోడించకుండా వదిలేస్తుంది. "జవాబు రాయక్కర్లేదు" అన్నది నా దృష్టిలో ఈ మెసేజ్ మొత్తంలో ఎక్కువ పనిచేసే వాక్యం, ఎందుకంటే ఓదార్పు మెసేజ్‌లు పేరుకుపోతే అవే ఒక అప్పులా తయారవుతాయి. ఫోన్ సంగతి "ఎప్పుడైనా" కాకుండా "రేపు సాయంత్రం" అయింది కాబట్టి, అడిగే బాధ్యత అతని నుంచి మీకు మారింది. ఆ సాయంత్రం ఫోన్ చేయడం మాత్రం మరవకూడదు. చెప్పి చేయకపోవడం, చెప్పకపోవడంకంటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఫోన్ ఎందుకు, మెసేజ్‌లతోనే సరిపెట్టకూడదా అనిపించవచ్చు. లెస్లీ సెల్ట్‌జర్ బృందం 2012లో ప్రచురించిన ప్రయోగంలో, ఒత్తిడి కలిగించే పరీక్ష పూర్తిచేసిన చిన్న అమ్మాయిలు కొందరు తల్లిని కలిశారు, కొందరు ఫోన్‌లో ఆమె గొంతు విన్నారు, కొందరు ఆమెతో టైప్ చేసి మాట్లాడుకున్నారు. కలిసినా, గొంతు విన్నా ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గి, ఆప్యాయతతో ముడిపడిన హార్మోను ఆక్సిటోసిన్ పెరిగింది. టైప్ చేసినవాళ్ళలో ఆ మార్పు కనిపించలేదు, అసలు తల్లితో మాట్లాడనివాళ్ళలాగే ఉన్నారు. తల్లీబిడ్డల సంగతి స్నేహితులకు అచ్చంగా అన్వయిస్తుందని అనలేం. కానీ మెసేజ్‌ను ఓదార్పుకు తలుపుగా చూడాలి తప్ప ఓదార్పు అంతా అందులోనే అందించాలనుకోకూడదని మాత్రం తీసుకోవచ్చు. అందుకే అది పొట్టిగా ఉన్నా ఫరవాలేదు.

తోడుగా ఉండటానికీ ఒక హద్దు ఉంది. ఆమె చివరి మెసేజ్‌ను ఇద్దరూ కలిసి నలభైసార్లు చదివి, "అలా ఎందుకు రాసిందంటావ్?" అని గంటల తరబడి తవ్వుకోవడం కూడా పైకి తోడులాగే ఉంటుంది. పిల్లల స్నేహాలను పరిశీలించిన ఆమండా రోజ్ 2002లో దీన్ని వర్ణించింది. సమస్యను కలిసి పదేపదే నమలడం స్నేహాన్ని గాఢం చేస్తుంది, అదే సమయంలో కుంగుబాటుతోనూ ముడిపడి ఉంటుంది. తేడా పట్టుకోవడానికి ఒక గుర్తు: మాటల్లో కొత్త విషయమో, కొత్త భావమో వస్తోందా, లేక నిన్నటి ప్రశ్నే అదే మాటల్లో తిరుగుతోందా. తిరుగుతుంటే సలహా ఇవ్వనక్కర్లేదు, "పద, కాసేపు నడుద్దాం" అంటే చాలు. అతనే "ఏం చేయమంటావు?" అని అడిగితే మాత్రం దాటవేయకండి. అడిగిన సలహా, అడగని సలహా ఒకటి కావు.

సలహా వద్దు, తోడు చాలు అన్న ఈ నియమం ఒక్క సందర్భంలో పూర్తిగా తిరగబడుతుంది. "నేను లేకపోతేనే అందరికీ మేలు" వంటి మాట వచ్చినా, వస్తువులు పంచిపెట్టడం మొదలుపెట్టినా, "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు నిలకడగా చెబుతున్నాయి. అవునంటే ఒంటరిగా వదలకుండా, అప్పుడే అత్యవసర సహాయానికి ఫోన్ చేయాలి. అక్కడ మెసేజ్ చాలదు.

మిగతా సమయాల్లో ఎక్కువమంది ఆగిపోయేది, ఏం రాస్తే ఏమనుకుంటారో అన్న భయం దగ్గరే. జేమ్స్ డుంగన్, డేవిడ్ ముంగీయా గోమెజ్, నికొలస్ ఎప్లీ 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో, కష్టంలో ఉన్నవాళ్ళను పలకరించబోయేవాళ్ళు తమ మాటలు అవతలివాళ్ళకు ఎంత బాగా అనిపిస్తాయో తక్కువగా అంచనా వేశారు. సరైన మాట దొరుకుతుందా అన్న దాని మీద వాళ్ళ దృష్టి ఉంది. అందుకున్నవాళ్ళు మాత్రం మాటల నేర్పుకంటే అందులోని ఆప్యాయతను ఎక్కువగా గమనించారు. మూడో వారానికి మెసేజ్‌ల వరద ఆగిపోతుంది, ఇంట్లో, పనిచేసే చోట అందరూ సంగతి మర్చిపోతారు. అప్పుడు రాయడానికి కొత్త మాటలు వెతకనవసరం లేదు. "ఈ రోజు నువ్వు గుర్తొచ్చావు. జవాబు అక్కర్లేదు" అంటే సరిపోతుంది.