ఆఫీసు గొడవ పక్కమీదికొస్తే: కొన్ని అపోహలు, వాస్తవాలు

మాత్రల మీద ఆధారపడకుండా నిద్రలేమికి చికిత్స చేయడం నా వృత్తి. నా దగ్గరికొచ్చే ఉద్యోగస్థులు ముందు "ఆలోచనలు ఆగట్లేదండీ" అంటారు. ఏ ఆలోచనలని అడిగితే చాలాసార్లు తేలేది ఒకటే సీను. మీటింగులో ఎవరో ఒక మాట అన్నారు, అప్పుడు నోరు పెగల్లేదు, ఇప్పుడు అర్ధరాత్రి దాటాక పదునైన జవాబులు వరసపెట్టి తడుతున్నాయి. దీని గురించి ఇంట్లోవాళ్లూ తోటివాళ్లూ ఇచ్చే సలహాల్లో కొన్ని పని చేయకపోగా నిద్రను ఇంకా దూరం చేస్తాయి.

అపోహ: దాని గురించి ఆలోచించడం మానేస్తే నిద్ర అదే వస్తుంది.

మానేయాలని పట్టుబట్టడమే చిక్కు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్పి, గుర్తొచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నాడు. గంట మోగుతూనే ఉంది. ఒక ఆలోచన రాకూడదని కాపలా కాయాలంటే, అది వచ్చిందో లేదో మనసు చూసుకుంటూ ఉండాలి కదా. మేనేజర్ ముఖాన్ని తరిమేయాలని చూసినా జరిగేది ఇదే.

తరమడానికి బదులు, మనసుకు బొమ్మలు చూసే పని పెట్టండి. కెనడాకు చెందిన శాస్త్రవేత్త లూక్ బోడ్వాన్ చెప్పిన పద్ధతి తెలుగులో చక్కగా కుదురుతుంది. ఏ గొడవతోనూ సంబంధం లేని మాట ఒకటి తీసుకోండి, ఉదాహరణకు 'పనస'. మొదట 'ప'తో మొదలయ్యే వస్తువులు ఒక్కొక్కటే తలచుకోండి: పడవ, పలక, పందిరి, పావురం. ఒక్కోదాన్నీ కొన్ని సెకన్లపాటు కళ్లెదుట ఉన్నట్టు చూడాలి. ఇక తట్టకపోతే 'న', తర్వాత 'స'. పడవకూ పలకకూ కథ కట్టకూడదు. పొంతన లేకపోవడమే ఇక్కడ కావాల్సింది. మధ్యలో గొడవ మళ్లీ దూరితే విసుక్కోకుండా, ఎక్కడ ఆపారో ఆ అక్షరం దగ్గరికి వచ్చేయండి. అంకెలు లెక్కపెట్టడం చాలామందికి పనిచేయదు. అది అలవాటైన పని, దాని పక్కన గొడవ కూడా హాయిగా నడిచిపోతుంది. బొమ్మ చూడటానికి మనసులో ఎక్కువ చోటు కావాలి.

అపోహ: తిప్పి తిప్పి ఆలోచిస్తేనే రేపటికి సరైన జవాబు దొరుకుతుంది.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇది, ఎందుకంటే సగం నిజం. గొడవ మీద ఒక నిర్ణయం కావాల్సిందే. కానీ పక్కమీద సాగేది నిర్ణయం వైపు పోదు, ఎదుటివాణ్ని ఓడించడం వైపు పోతుంది. తేడా ఇలా పట్టుకోవచ్చు: పది నిమిషాల ఆలోచన తర్వాత 'రేపు ఫలానా పని చేయాలి' అన్న కొత్త మాట ఒక్కటైనా తేలిందా? తేలకపోతే అది ఆలోచన కాదు, రీప్లే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఒకరి కథ కాదు, నేను విన్న చాలా కథల కలబోత. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా క్లయింట్‌తో కాల్. అందరి ముందూ మేనేజర్ "టెస్టింగ్ వల్లే రిలీజ్ ఆగింది" అన్నాడు. కాల్ పదిన్నరకు అయిపోయింది, ఈయన పదకొండింటికి పక్క ఎక్కాడు. గొడవకూ నిద్రకూ మధ్య అరగంట, అదీ ఫోన్ చూస్తూ. రెండింటివరకూ మేనేజర్‌కు ఉపన్యాసం ఇస్తూనే ఉన్నాడు.

నేను చేయమనేది, లాప్‌టాప్ మూయకముందే ఆ కుర్చీలోనే కాగితం మీద నాలుగు ముక్కలు రాయడం. పది నిమిషాలు చాలు.

మొదటిది, అవతలివాళ్లు అన్న మాట, ఉన్నదున్నట్టు: 'టెస్టింగ్ వల్లే రిలీజ్ ఆగింది'. రెండోది, అందులో నాకు వినబడింది: 'నువ్వు పనికిరావు'. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండో మాట ఎవరూ అనలేదని కనిపిస్తుంది. మూడోది, రేపు చేసేది. ఎవరితో, ఎన్నింటికి, మొదటి వాక్యం ఏమిటి: 'ఉదయం పదకొండింటికి మేనేజర్‌తో విడిగా పది నిమిషాలు. టెస్ట్ చేయాల్సిన బిల్డ్ మాకు గురువారం సాయంత్రం ఆరింటికి అందింది, ఆ తేదీలు ఒకసారి కలిసి చూద్దామా అని అడగాలి'. నాలుగోది, నా చేతిలో లేనిది: 'క్లయింట్ ఏమనుకున్నాడో, మేనేజర్ సారీ చెబుతాడో లేదో'.

మూడో ముక్కే మందు. అమెరికాలోని బేలర్ యూనివర్సిటీలో మైకేల్ స్కల్లిన్ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగంలో 57 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులు పడుకునే ముందు ఐదు నిమిషాలు రాశారు. చేయాల్సిన పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే సుమారు 9 నిమిషాలు ముందు నిద్రపోయారు. ప్రయోగశాలలో ఒక్క రాత్రి చూసిన ఫలితం, కాబట్టి దాన్ని అతిగా ఊహించుకోవద్దు. కానీ పనులు ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టిందన్నది మాత్రం నా అనుభవానికి సరిపోతుంది. 'మేనేజర్‌తో మాట్లాడాలి' అని వదిలేస్తే మనసు ఏం మాట్లాడాలో రాత్రంతా వెతుకుతుంది.

ఇది బెడిసికొట్టేది ఒక్కచోట. నాలుగు ముక్కలు కాస్తా మూడు పేజీల ఫిర్యాదు అవుతుంది. ఒకే వాక్యం రెండోసారి రాస్తున్నారంటే పెన్ను పక్కన పెట్టేయండి. మెయిల్ తెరిచి డ్రాఫ్ట్ కొట్టడం అసలే వద్దు. రాత్రి పన్నెండింటికి న్యాయంగా తోచిన మెయిల్, పొద్దున చదివితే చెమటలు పట్టిస్తుంది.

అపోహ: నిద్ర రాకపోయినా కళ్లు మూసుకుని పక్కమీదే ఉండాలి.

వద్దు. రోజూ రెండు గంటలు పక్కమీద పోట్లాడుతుంటే, పక్క చూడగానే ఒళ్లు పోట్లాటకు సిద్ధమవుతుంది. సోఫాలో కునికిపాట్లు పడ్డ మనిషికి మంచం ఎక్కగానే మెలకువ వచ్చేది ఇందుకే. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో చెప్పిన పద్ధతిని ఇప్పటికీ నిద్రలేమి చికిత్సలో వాడుతున్నాం. ఇరవై నిమిషాలు అయిందనిపిస్తే లేచిపోవాలి. గడియారం చూడొద్దు, అంచనా చాలు. మసక వెలుతురులో కూర్చుని ఉత్కంఠ లేనిదేదైనా చేయండి: బట్టలు మడతపెట్టడం, పాత వారపత్రిక తిరగేయడం. కళ్లు వాలినప్పుడే మళ్లీ పక్క మీదికి. అవసరమైతే ఇలా ఎన్నిసార్లయినా. పొద్దున లేచే టైము మాత్రం మారకూడదు, పగటి కునుకు తీయకూడదు.

"ఇంట్లో ఉన్నది ఒకటే గది, పిల్లలు పడుకుని ఉంటారు" అంటారు కొందరు. అదే గదిలో మూలన కుర్చీ వేసుకున్నా సరే, పక్క దిగడమే ముఖ్యం. మొదటి కొన్ని రోజులు నిద్ర ఇంకా తగ్గినట్టుంటుంది. చాలామంది అక్కడే మానేస్తారు, కానీ ఆ పోయిన నిద్రే తర్వాతి రాత్రుల్లో కళ్లు వాల్చేది. ఆ రోజుల్లో దూరం బండి నడపొద్దు. లేస్తే తూలిపడే ప్రమాదం ఉన్న పెద్దవాళ్లయితే మంచంమీదే కూర్చోవచ్చు.

అపోహ: ఒక పెగ్గు వేస్తే అన్నీ మర్చిపోయి పడుకోవచ్చు.

పట్టడం త్వరగా పడుతుంది, రాత్రి రెండో సగం చెదిరిపోతుంది. మూడింటికి మెలకువ, మళ్లీ అదే మీటింగు.

ఈ పద్ధతులకు ఒక హద్దుంది. మాట పడటం ఏదో ఒకరోజు జరిగింది కాకుండా వారం వారం అవమానిస్తుంటే, లోపం మీ నిద్రలో లేదు. అప్పుడు ఆ కాగితంలో మొదటి ముక్కను తేదీ, సమయం, అక్కడున్నవాళ్ల పేర్లతో సహా దాచిపెట్టండి. హెచ్ఆర్ దగ్గరికి వెళ్లాల్సివస్తే అదే ఆధారం. వారంలో మూడు రాత్రులు, మూడు నెలలుగా ఇలాగే ఉండి పగలు పని కూడా దెబ్బతింటుంటే డాక్టరును కలవండి. గట్టి గురక ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి, దాని చికిత్స వేరు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే మూడు నెలలు ఆగొద్దు. ప్రభుత్వ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.