సైఫన్ కాఫీ: నీళ్లు మరగకముందే పైకి ఎలా ఎక్కుతాయి?

సైఫన్ పాట్‌లో కాఫీ పెట్టడం మొదటిసారి చూసినవాళ్లు చాలామంది నీళ్లు మరిగి పైకి పొంగాయనుకుంటారు. కాదు. మరిగే లోపే నీళ్లు చాలావరకు పైకి వెళ్లిపోతాయి.

ఇందులో రెండు గాజు పాత్రలుంటాయి. కింద గుండ్రటి బుడ్డి, అందులో నీళ్లు పోస్తాం. పైన పెద్ద గ్లాసులాంటి పాత్ర, దాని అడుగు నుంచి ఒక గొట్టం దిగి బుడ్డి అడుగుకి కొంచెం పైన ఆగుతుంది. బుడ్డి మూతికి రబ్బరు వాషర్ బిగుసుకుంటుంది కాబట్టి లోపల చిక్కుకున్న గాలికి బయటికి దారి లేదు. పై పాత్ర అడుగున గుడ్డ చుట్టిన ఫిల్టర్ బిళ్ల ఉంటుంది. ఈ రెండంతస్తుల గాజు పాత్రకి 1840లలోనే ఫ్రాన్స్‌లో పేటెంట్లు తీసుకున్నారు, కానీ దాన్ని ఇప్పటికీ ప్రాణంగా చూసుకుంటున్నది జపాన్‌లోని పాతకాలపు కాఫీ షాపులే.

ఒక లెక్క వేద్దాం. బుడ్డిలో 350 మి.లీ. నీళ్లు, వాటి పైన 150 మి.లీ. గాలి ఉన్నాయి, గది వేడి 25 డిగ్రీలు. నీళ్లని 15 సెంటీమీటర్లు పైకి ఎత్తడానికి కావలసిన అదనపు ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో ఒకటిన్నర శాతం మాత్రమే. అది చాలా తక్కువ, కాస్త వేడెక్కగానే వచ్చేస్తుంది. అసలు కష్టం ఒత్తిడి తేవడంలో లేదు, నీళ్లు ఖాళీ చేసిన చోటునల్లా ఏదో ఒకటి నింపుతూ ఉండాలి. వేడెక్కిన గాలి ఒక్కటే వ్యాకోచించి అంత చోటు నింపలేదు, ఆ పని ఆవిరిది. 60 డిగ్రీల దగ్గర ఆవిరి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిలో ఐదో వంతు, 80 దగ్గర ఇంచుమించు సగం, 90కి మూడింట రెండు వంతులు దాటుతుంది. దాంతో 60 డిగ్రీలకి పైకి చేరేది 50 మి.లీ., 80కి 160 దాకా, 87-88 వచ్చేసరికి 300. చివరి ఏడెనిమిది డిగ్రీల్లోనే దాదాపు సగం నీళ్లు ఎక్కేస్తాయి, అందుకే చూసేవాళ్లకి ఒక్కసారిగా పొంగినట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత పై పాత్రలో కనిపించే బుడగలు కూడా అక్కడి నీళ్లు మరగడం వల్ల వచ్చేవి కావు, కింద మిగిలిన కాసిని నీళ్లు మరిగి ఆ ఆవిరి గొట్టంలోంచి పైకి వస్తోంది.

నీళ్లు ఎక్కాక మంట తగ్గించి, 20 గ్రాముల కాఫీ పొడి వేసి (మరీ మెత్తగా కాకుండా, సన్న రవ్వలా ఉండాలి), పొడి అంతా తడిసేలా గరిటెతో నాలుగుసార్లు తిప్పి, నిమిషం ఆగి దీపం తీసేస్తే చాలు. బుడ్డి చల్లబడుతుంటే ఆవిరి మళ్లీ నీరవుతుంది, లోపలి ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు బయటి గాలి కాఫీని ఫిల్టర్ గుండా కిందికి నెడుతుంది. ఎక్కించడానికి ఒకటిన్నర శాతం తేడా చాలింది కానీ దిగేటప్పుడు ఆ తేడా అంతకు ఎన్నో రెట్లు పెరగగలదు, అందుకే గుడ్డలోంచి కూడా కాఫీ చకచకా దిగిపోతుంది. నిమిషం లోపు దిగి, పైన పిప్పి చిన్న గుట్టలా మిగిలితే అన్నీ సరిగా కుదిరినట్టే. నిమిషంన్నర దాటినా దిగకపోతే పొడి మరీ మెత్తగా ఉంది, కాఫీ చేదెక్కుతుంది.

నేను మొదటిసారి పెట్టినప్పుడు నీళ్లు అసలు కదలలేదు. కింద తెర్లుతున్నాయి, పక్కనుంచి సన్నగా బుస్సుమని శబ్దం. చూస్తే వాషర్ ఒక పక్క ఎత్తుగా కూర్చుంది, ఆవిరంతా అక్కడినుంచే పోతోంది. దీపం ఆర్పి, చల్లారాక సరిచేసి మళ్లీ వెలిగిస్తే మూడు నిమిషాల్లో ఎక్కాయి. ఇంకొక జాగ్రత్త, బుడ్డి బయట తడి ఉంటే పొడిగుడ్డతో తుడిచాకే మంట మీద పెట్టండి, లేదంటే గాజు పగలొచ్చు.

ఇక కొనాలా వద్దా? రోజూ పొద్దున్నే కాఫీ కోసమైతే వద్దనే చెప్తాను. స్పిరిట్ దీపం మీద చల్లటి నీళ్లు పెడితే చాలాసేపు పడుతుంది (నేను విడిగా కాచిన నీళ్లే పోస్తాను), గుడ్డని ప్రతిసారీ సబ్బు లేకుండా కడిగి నీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఒక్కసారి చెయ్యి జారితే గాజు పోయినట్టే. రుచి తేటగా, సువాసన బాగా తెలిసేలా ఉంటుంది, కానీ దానికి చాలా దగ్గరి రుచి ఒక మామూలు గరాటు, పేపర్ ఫిల్టర్‌తోనూ వస్తుంది. చికోరీ కలిపిన పొడితో చిక్కటి డికాషన్ తీసి పాలు పోసుకునేవాళ్లకి ఇది అస్సలు పనికిరాదు, మన స్టీలు ఫిల్టరే సరైనది. లేతగా వేయించిన అరకు గింజలు దొరికి, పాలు లేకుండా తాగే అలవాటు ఉండి, ఆదివారం ఇద్దరు ముగ్గురు కూర్చుని నీళ్లు ఎక్కడం, దిగడం చూస్తూ కబుర్లు చెప్పుకునే తీరిక ఉంటే మాత్రం కొనుక్కోండి. మా ఇంట్లో అది బయటికొచ్చేది ఆదివారాలే.