పిండికట్టు విప్పాక రాయవలసిన ఉత్తరం

మణికట్టు విరిగిన విద్యార్థి వ్యాయామ ఉపాధ్యాయుడికి రాసే ఉత్తరం సాధారణంగా రెండు వాక్యాల్లో ముగుస్తుంది: చెయ్యి విరిగింది, కొన్నాళ్లు ఆటలకు రాలేను. చేతికి పిండికట్టు ఉన్నంతకాలం ఆ రెండు వాక్యాలు చాలవచ్చు. కట్టు కనిపిస్తూనే ఉంటుంది కనుక ఆ చేత్తో బంతి ఆపమని ఎవరూ అడగరు. చిక్కంతా కట్టు విప్పిన మరునాడు మొదలవుతుంది. పైకి చెయ్యి మామూలుగానే కనిపిస్తుంది, లోపలి ఎముక మాత్రం ఇంకా పూర్తి బలానికి రాదు. వివరమైన ఉత్తరం అవసరమయ్యేది అప్పుడేనని, అందులో ఆటల పేర్లకన్నా కదలికల పేర్లు ఉండాలని నా అభిప్రాయం.

కారణం ఎముక అతికే తీరులోనే ఉంది. పడబోయేటప్పుడు మనం అనుకోకుండానే చెయ్యి చాచి అరచేతిని నేలకు ఆనిస్తాం. ముంజేతిలోని రెండు ఎముకల్లో బొటనవేలి వైపున్నది రేడియస్. మణికట్టు మీదుగా ముంజేతికి చేరే బరువులో సుమారు 80 శాతం దాని మీదే పడుతుంది కాబట్టి, ఎక్కువసార్లు విరిగేది దాని కింది కొనే. విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో ఆ గడ్డ స్థానంలో మృదులాస్థి, నార కణజాలం కలిసిన మెత్తని వంతెన ఏర్పడుతుంది. దీన్నే కాలస్ అంటారు. క్రమంగా అందులో ఖనిజాలు చేరి అది గట్టిపడుతుంది. ఎదిగే వయసు పిల్లల్లో ఈ దశకు చేరడానికి తరచుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, కట్టు విప్పేది అప్పుడే. అయితే ఈ కొత్త ఎముక తొందరలో అల్లినది, దానిలోని నారలు ఒక వరుసలో ఉండవు. బరువు పడే దిశను బట్టి శరీరం దాన్ని కొంచెం కొంచెంగా తొలగించి, వరుస తీరిన ఎముకను దాని స్థానంలో నింపుతుంది. ఈ పని నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది. అంటే కట్టు విప్పడానికి అర్థం రోజువారీ పనులకు ఎముక చాలినంత అతికిందని మాత్రమే. దానికి తోడు, వారాల తరబడి కదలక కీలు బిగుసుకుపోతుంది, ముంజేతి కండరాలు సన్నబడతాయి, పట్టు తగ్గుతుంది.

ఇప్పుడు వ్యాయామాల వైపు నుంచి చూద్దాం. చేతులు నిటారుగా ఉంచి పుషప్ భంగిమలో నిలిచినప్పుడు శరీర బరువులో దాదాపు మూడింట రెండు వంతులు అరచేతుల మీద ఉంటుంది. 45 కిలోల బరువున్న తొమ్మిదో తరగతి విద్యార్థినికి అది 30 కిలోలు, ఒక్కో చేతికి 15 కిలోలు. అందులో రేడియస్ మోసేది 12 కిలోలు. మోకాళ్లు నేలకు ఆనించి చేస్తే తేలిక కదా అని చాలామంది ఉపాధ్యాయులు మంచి మనసుతోనే సూచిస్తారు. కానీ అప్పుడు కూడా శరీర బరువులో దాదాపు సగం చేతుల మీదే ఉంటుంది, అంటే ఒక్కో చేతికి 11 కిలోలు. పైగా మణికట్టు వెనక్కి దాదాపు లంబకోణంలో వంగి ఉంటుంది, కట్టు విప్పిన కొత్తలో ఆ కీలుకు అన్నిటికన్నా కష్టమైన భంగిమ అదే. గోడకు చేతులు ఆనించి చేస్తే బరువు చాలా తగ్గుతుంది కానీ ఆ వంపు అలాగే ఉంటుంది. వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది పరుగులో పడటం. అప్పుడు అరచేతి మీద ఒక్క క్షణంలో పడే బలం శరీర బరువునే మించిపోవచ్చు. అందుకే కేవలం వాలీబాల్ ఆడలేనని రాస్తే ఉపయోగం తక్కువ. ఆ కబురు చదివిన ఉపాధ్యాయుడు రిలే పరుగులోనో బల్ల మీదుగా దూకే వ్యాయామంలోనో ఆమెను నిలబెట్టవచ్చు, ప్రమాదం అక్కడా అదే.

ఆ విద్యార్థిని ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన వ్యాయామ ఉపాధ్యాయులు గారికి నమస్కారములు. నా ఎడమ మణికట్టు దగ్గర రేడియస్ ఎముక కింది కొన విరిగినందున ఆరు వారాలు పిండికట్టులో ఉండి, గత వారం కట్టు విప్పారు. ఎక్స్‌రేలో ఎముక అతికినట్లు కనిపించిందని, అయినా మరో ఆరు వారాలు ఆ అరచేతి మీద శరీర బరువు మోపరాదని, పడే అవకాశమున్న ఆటలు ఆడరాదని డాక్టరు గారు చెప్పారు. వారి చీటీ జతచేశాను. కనుక పుషప్స్, కడ్డీకి వేలాడటం, దూకే వ్యాయామాలు, ఒకరినొకరు తగిలే ఆటల నుంచి నాకు మినహాయింపు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

తరగతికి దూరంగా కూర్చోవాలని నాకు లేదు సార్. వేగంగా నడవటం, గుంజిళ్లు, వెల్లకిలా పడుకుని చేసే పొట్ట వ్యాయామాలు, కుడి చేత్తో బంతి విసరటం నేను చేయగలను. ఎడమ చేత్తో మెత్తని బంతిని నొక్కడం, మణికట్టును మెల్లగా తిప్పడం డాక్టరు గారు చెప్పిన వ్యాయామాలే కనుక, వాటిని తరగతిలోనే చేయడానికి అనుమతించగలరు. చేస్తున్నప్పుడు విరిగిన చోట నొప్పి పుడితే ఆపి, వెంటనే మీకు చెబుతాను. తిరిగి పరీక్ష చేయించుకున్నాక కొత్త చీటీ తెచ్చి ఇస్తాను. ఇట్లు, మీ విద్యార్థిని."

ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది కుడి చేతి సంగతి. ఒక చేతికి శిక్షణ ఇస్తే, ఏ పనీ చేయని రెండో చేతికి కూడా కొంత బలం పెరుగుతుందని 1894లో యేల్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ బృందం గమనించింది. తరువాతి పరిశోధనలు దాన్ని పదేపదే నిర్ధారించాయి. ఆ పెరుగుదల ప్రధానంగా మెదడు, నాడులు కండరాన్ని పనిలోకి దింపే తీరులోనే తప్ప కండరం లావు కావడంలో కాదు. కనుక పిండికట్టు ఉన్న రోజుల్లో కూడా కుడి చేత్తో పట్టు వ్యాయామం చేయించడం వృథా కాదు. దానివల్ల ఎముక త్వరగా అతకదు, బలం కోల్పోవడం కొంత తగ్గవచ్చు, అంతే.

నొప్పి గురించిన వాక్యం మర్యాదకు రాసినది కాదు. కీలు బిగుసుకోవడం వల్ల వచ్చే లాగుడు వంపు చివరన తెలుస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. విరిగిన చోటే వేలితో నొక్కితే నొప్పి, వాపు, మరునాటికి కూడా తగ్గని సలుపు ఉంటే డాక్టరుకు చూపించాలి. బొటనవేలి మొదట్లో, వేలిని చాచినప్పుడు ఏర్పడే గుంటలో నొక్కితే నొప్పి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. అక్కడి స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకకు రక్తం ఎక్కువగా ఒక చివర నుంచే అందుతుంది కనుక అది నెమ్మదిగా అతుకుతుంది, దానిలోని పగులు తొలి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. బెణుకు అని రాసిన ఉత్తరం వెనుక ఈ పగులు ఉండే అవకాశముంది కాబట్టి, అలాంటి నొప్పి చెప్పిన పిల్లవాణ్ని ఉపాధ్యాయుడు మళ్లీ పరీక్షకు పంపాలి.

గడువు తేదీ వచ్చినంత మాత్రాన మినహాయింపు ముగియకూడదు. విరిగిన చోట నొక్కినా నొప్పి లేకపోవడం, రెండు మణికట్లూ దాదాపు సమానంగా వంగడం, పట్టు రెండో చేతికి దగ్గరగా రావడం డాక్టరు చూసే గుర్తులు. అవి కుదిరాక కూడా ముందు గోడ మీద, తర్వాత ఎత్తు బల్ల మీద, ఆపైనే నేల మీద అరచేతులు ఆనించి పుషప్స్ చేయించాలి. ఒక మెట్టు చేసిన మరునాడు నొప్పి లేకపోతేనే తర్వాతి మెట్టు, ఒకరినొకరు తగిలే ఆటలు అన్నిటికన్నా చివర.