డిమెన్షియా ఉన్న పెద్దలు రాత్రి లేచి వెళ్ళిపోతుంటే: అపోహలు - వాస్తవాలు

నేను ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళను చూసుకునే నర్సుని. రాత్రి లేచి తలుపు తీసే వాళ్ళ గురించి కుటుంబాలు నాతో ఎక్కువగా అనే మాటలివి.

అపోహ: ఆయన ఊరికే తిరుగుతారు, కారణమేమీ ఉండదు.

దాదాపు ప్రతిసారీ ఏదో ఒకటి ఉంటుంది. 76 ఏళ్ళ రైతు ఒకాయన రాత్రి రెండున్నరకు లేచి వీధి తలుపు తీసేవారు. కోడల్ని వారం రోజులు నోట్‌బుక్‌లో రాయమన్నాను: ఎన్నింటికి లేచారు, మొదట ఎటు నడిచారు, ఏమన్నారు, పగలు ఎంతసేపు పడుకున్నారు. అది చదివితే సంగతి తెలిసింది. ఒంట్లో నీరు తీసే బీపీ మాత్ర రాత్రి భోజనమయ్యాక వేస్తున్నారు. దాంతో ఆయన ఒంటేలుకు లేచేవారు. చీకట్లో బాత్రూమ్ ఎటో తెలియక వీధి తలుపు తీసేవారు. బయటి గాలి తగలగానే "కరెంటొచ్చింది, మోటారెయ్యాలి" అనేవారు. పొలానికి రాత్రి కరెంటు ఇచ్చిన ఏళ్ళలో ఆయన రోజూ లేచిన వేళ అదే.

డాక్టర్ ఆ మాత్రను ఉదయానికి మార్చారు. బాత్రూమ్ తలుపు తెరిచి ఉంచి, రాత్రంతా లోపల లైటు వేశాం. మధ్యాహ్నం నిద్ర అరగంటకు తగ్గించి, సాయంత్రం ఎండ ఉండగానే నడిపించాం. పడుకునే ముందు బాత్రూమ్‌కి తీసుకెళ్ళడం కోడలి పని. రెండు వారాలకు మూడుసార్లు లేచే మనిషి ఒక్కసారి లేస్తున్నారు. పూర్తిగా మాత్రం ఆగలేదు.

ఆ ఒక్కసారి కూడా "పొలం అమ్మేశాం మామయ్యా" అంటే కోపం, తోపులాట. "మీ అబ్బాయి మోటారేసి వచ్చాడు మామయ్యా, నీళ్ళు పారుతున్నాయి. బాత్రూమ్‌కి వెళ్ళొద్దాం రండి" అంటే వచ్చి పడుకునేవారు.

తిరగడం రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా మొదలైతే నోట్‌బుక్‌తో కూర్చోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు కారణం కావచ్చు. వెంటనే డాక్టర్‌కి చూపించండి.

అపోహ: నిద్రమాత్ర వేస్తే సరిపోతుంది.

మత్తులోనే లేస్తారు, తూలి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది. మెడికల్ షాపులో దొరికే, మత్తు తెచ్చే జలుబు మాత్రలు కూడా అయోమయాన్ని పెంచుతాయి. మీ అంతట మీరు వేయకండి.

అపోహ: బయట గొళ్ళెం పెడితే భద్రం.

మంటలు లేస్తే ఆయన బయటపడలేరు. పక్కన మనిషి ఉండాలి. గడియ కంటికి ఆనని చోట, తలుపు పైభాగంలో పెట్టించండి. ఇంట్లో మిగతావాళ్ళు మాత్రం వెంటనే తీయగలగాలి. తలుపుకు గంట కట్టండి. మేడ మెట్ల తలుపు చాలామంది మర్చిపోతారు. చెప్పులు, కండువా కంటికి కనబడితే బయటికి వెళ్ళాలనిపిస్తుంది, తీసి దాచండి.

అపోహ: కాసేపు చూద్దాం, ఆయనే వస్తారు.

దారి తెలియని మనిషి తిరిగి రాలేరు. ఇల్లు, మేడ, బాత్రూమ్, మంచాల కింద పది నిమిషాల్లో వెతికి 112కి ఫోన్ చేయండి. ఇటీవలి ఫోటో ఫోన్‌లో, మీ నంబరున్న కార్డు ఆయన జేబులో ముందే ఉండాలి. వెతికేవాళ్ళలో ఒకరిని ముందుగా బావి, చెరువు, కాలువ వైపు పంపండి. చుట్టాలకు ఫోన్లు ఆ తర్వాతే.