టాపర్లే తప్పు చేసిన ప్రశ్న

మా వదిన బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక కోచింగ్ సెంటర్లో పీయూసీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తుంది, మొన్న ఒక టెస్ట్ రిజల్ట్ షీట్ పంపి "ఏడో ప్రశ్న మరీ కష్టమైపోయిందంటావా, సగం మంది కూడా చెయ్యలేదు, తీసేయనా?" అని అడిగింది. వంద మంది పిల్లలు, ముప్పై ప్రశ్నలు, ఎవరు ఏ ఆప్షన్ పెట్టారో అన్నీ షీట్‌లో ఉన్నాయి. ఈ షీట్ ఉంటే చాలు, ప్రశ్న గురించి ఎవర్నీ అడగక్కర్లేదు, పిల్లల జవాబులే చెప్పేస్తాయి. దీన్నే ఐటెమ్ అనాలిసిస్ అంటారు.

ముందు డిఫికల్టీ. ఎంత మంది కరెక్ట్ పెట్టారో దాన్ని మొత్తం మందితో భాగిస్తే వచ్చేదే, అంతే, అందుకే నంబర్ ఎక్కువైతే ప్రశ్న సులువని అర్థం. ఏడో ప్రశ్నకి వందలో 42 మంది, అంటే 0.42. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నని అందరూ కళ్ళు మూసుకుని పెట్టినా 0.25 దగ్గరకి వస్తుంది కాబట్టి 0.42 అంటే కాస్త కష్టం, కానీ అసాధారణం ఏం కాదు. ఈ ఒక్క నంబర్ చూసి ఎవరైనా "బాగానే ఉందిగా" అని ముందుకెళ్ళిపోతారు, అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఎంత మంది కరెక్ట్ అన్నది తెలిసింది, మరి ఎవరు కరెక్ట్? మొత్తం మార్కుల ప్రకారం పిల్లల్ని వరసగా పెట్టి, పైనుంచి 27 శాతం, కిందనుంచి 27 శాతం తీస్తారు, మన వంద మందిలో పైన 27, కింద 27. ఈ 27 ఏంటి, 25 అయితే తప్పేంటి అనిపిస్తుంది కదా, దానికో లెక్కుంది. మరీ చివరివాళ్ళని, చెరో ఐదుగుర్ని మాత్రమే తీసుకుంటే తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది కానీ మనుషులు చాలరు, సగం సగం తీసుకుంటే మనుషులు చాలామంది ఉంటారు కానీ రెండు గుంపుల్లోనూ మధ్యస్థం పిల్లలే నిండిపోతారు. మార్కులు గంట ఆకారంలో పరుచుకుని ఉంటే ఈ రెండిటికీ రాజీ కుదిరేది 27 దగ్గర అని ట్రూమన్ కెల్లీ 1939లో చూపించాడు. 25 వాడినా కొంపలేం మునగవు.

ఇప్పుడు పై గుంపులో కరెక్ట్ పెట్టినవాళ్ళలోంచి కింద గుంపులో కరెక్ట్ పెట్టినవాళ్ళని తీసేసి 27తో భాగించాలి. అదే డిస్క్రిమినేషన్. 0.40 దాటితే చాలా మంచి ప్రశ్న, 0.20 కంటే తక్కువైతే అనుమానించాలి అని సాధారణంగా చెప్తారు. ఏడో ప్రశ్నలో పైన 9 మంది, కింద 13 మంది. తొమ్మిదిలోంచి పదమూడు తీసేస్తే మైనస్ నాలుగు, 27తో భాగిస్తే మైనస్ 0.15! చదివేవాళ్ళ కంటే చదవనివాళ్ళే బాగా చేశారన్నమాట.

మన లెక్చరర్లు కొందరికి ఇక్కడో మూఢనమ్మకం ఉంటుంది, టాపర్లు కూడా తప్పు చేశారంటే అది "స్టాండర్డ్" ప్రశ్న అని మురిసిపోతారు. టాపర్లు తప్పు చెయ్యడం వేరు, టాపర్లే ఎక్కువగా తప్పు చెయ్యడం వేరు సార్.

మైనస్ వచ్చినప్పుడు ఆప్షన్ వారీగా విడగొట్టి చూడాలి, నాకు మొత్తం వ్యవహారంలో ఇష్టమైన భాగం ఇదే. ప్రశ్న ఏంటంటే, నిలువుగా పైకి విసిరిన బంతికి గరిష్ఠ ఎత్తులో ఉన్న క్షణంలో త్వరణం ఎంత, గాలి నిరోధం లేదనుకోండి. ఏ: 9.8 పైకి. బి: సున్నా. సి: 9.8 కిందికి. డి: 4.9 కిందికి. పై గుంపులో ఏ ఒకరు, బి తొమ్మిది, సి పదహారు, డి ఒకరు. కింద గుంపులో ఏ ఐదుగురు, బి పదమూడు, సి ఆరుగురు, డి ముగ్గురు. షీట్‌లో కీ: బి.

దొరికిందా? పైన బంతి ఒక్క క్షణం ఆగుతుంది కాబట్టి త్వరణం కూడా సున్నా అనుకోవడం ఫిజిక్స్ మొదలుపెట్టిన ప్రతివాడూ చేసే పొరపాటు. ఆగేది వేగం, గురుత్వాకర్షణ ఎక్కడికీ పోదు, కాబట్టి సి కరెక్ట్. ప్రశ్న రాసినవాళ్ళు కావాలనే ఆ పొరపాటుకి సున్నా అనే వల వేశారు, తర్వాత సెట్ మార్చి ఆప్షన్లు అటూ ఇటూ చేసినప్పుడు కీ మాత్రం పాతదే ఉండిపోయింది. వలలో పడ్డవాళ్ళకి మార్కు, తప్పించుకున్నవాళ్ళకి సున్నా! కీ సి అని మారిస్తే పైన 16, కింద 6, డిస్క్రిమినేషన్ 0.37. ఇంకా తమాషా ఏంటంటే మొత్తం క్లాసులో సి పెట్టినవాళ్ళు 41 మంది, అంటే డిఫికల్టీ 0.42 నుంచి 0.41 అయింది. తప్పు కీకీ ఒప్పు కీకీ ఆ నంబర్‌లో తేడానే లేదు. (తెలీకపోతే సి పెట్టెయ్ అనే మన హాస్టల్ సిద్ధాంతానికి ఇది సాక్ష్యం కాదు, కింద గుంపులో సి ఆరుగురే.)

కీ మార్చాక మార్కులు మారతాయి, ర్యాంకులు కదులుతాయి, గుంపుల్లోకి కొత్తవాళ్ళు వస్తారు కాబట్టి అన్ని ప్రశ్నలకీ మళ్ళీ లెక్కెయ్యాలి, ఇది చాలామంది వదిలేస్తారు. ఇంకోటి, ఆ ప్రశ్న మార్కు కూడా టోటల్‌లో కలిసే ఉంటుంది కాబట్టి ప్రతి ప్రశ్నా తన్ని తాను కాస్త పొగుడుకుంటుంది. కంప్యూటర్ ఉంది కాబట్టి గుంపులు మానేసి అందర్నీ వాడొచ్చు: AI కాలమ్‌లో టోటల్, ఏడో ప్రశ్నకి ఒకటి లేదా సున్నా H కాలమ్‌లో, టోటల్‌లోంచి దాన్ని తీసేసిన మార్కులు AJ కాలమ్‌లో పెట్టి, రెండూ ఎంత కలిసి కదులుతున్నాయో ఎక్సెల్‌ని ఇలా అడగాలి:

```
=CORREL(H2:H101, AJ2:AJ101)
```

మైనస్ వచ్చిన ప్రతిసారీ కీ తప్పే అనుకోవద్దు. టాపర్లు రెండు ఆప్షన్ల మధ్య సగం సగం చీలిపోతే ప్రశ్నలోనే రెండర్థాలు ఉన్నాయేమో చూడాలి, ఎక్కువ చదివినవాడికే కనపడే మినహాయింపు ఏదో ఉండుంటుంది. టాపర్లందరూ ఒకే "తప్పు" ఆప్షన్ మీద పోగైతే కీ మీద అనుమానం. కేసీఈటీ, జేఈఈ లాంటి వాటిల్లో ముందు ప్రొవిజనల్ కీ ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు కదా, కోచింగ్ టెస్టులో ఆ తతంగం ఉండదు, ఈ టేబులే అభ్యంతరం.

వదిన తర్వాత పంతొమ్మిదో ప్రశ్న పట్టుకుంది, "దీని డిస్క్రిమినేషన్ 0.15 మాత్రమే, పనికిరాదు" అని. దాన్ని 93 మంది కరెక్ట్ పెట్టారు, తప్పు పెట్టినవాళ్ళే ఏడుగురు. ఆ ఏడుగురూ కింద గుంపులోనే ఉన్నా ఏడుని 27తో భాగిస్తే 0.26, అంతకంటే పైకి వెళ్ళే వీలే లేదు. అసలు కింద ఐదుగురు, పైన ఒకరు, మధ్యలో ఒకరు తప్పు పెట్టారు. యూనిట్లు గుర్తున్నాయా లేదా అని చూడ్డానికి పెట్టిన సులువు ప్రశ్న, తన పని తాను చేసింది, దాన్ని ర్యాంకులు విడదీయలేదని తిట్టడం అన్యాయం.

అదే వదిన సాయంత్రం బ్యాచ్‌లో నలభై మందే. అక్కడ 27 శాతం అంటే 11 మంది, పై గుంపులో ఒక్క పిల్లాడు బబుల్ తప్పు దిద్దితే డిస్క్రిమినేషన్ 0.09 కదిలిపోతుంది, ఇద్దరు దిద్దితే మంచి ప్రశ్న కూడా చెడ్డదైపోతుంది. కాబట్టి అక్కడ మైనస్ కనపడితే కీ ఒకసారి సరిచూసుకుని, కీ సరిగ్గానే ఉంటే ప్రశ్నని అలాగే ఉంచి, అదే ప్రశ్న అదే ఆప్షన్లతో వచ్చే బ్యాచ్‌లకి కూడా ఇచ్చి, టేబుల్స్ అన్నీ కలిపాకే తీసెయ్యాలో లేదో తేల్చమన్నాను.