పాత ఇటుక గోడకి సిమెంటు: అపోహలు - వాస్తవాలు

అపోహ: "సున్నం మెత్తన, సిమెంటు గట్టి. పాత గోడ సందుల్లో సిమెంటు పెడితే ఇంకా బలం."

పాత పెంకుటిళ్లు బాగుచేయించేవాళ్లలో ఎక్కువమందికి ఇల్లు పాడయ్యేది ఈ ఒక్క మాట వల్లే. ఇటుక నేలలోని చెమ్మని పైకి పీలుస్తుంది. ఆ చెమ్మ ఎక్కడో ఒకచోట ఆరాలి. సున్నం గార ఉంటే ఎక్కువ భాగం సందుల్లోంచి ఆరిపోతుంది. దాంతో వచ్చిన ఉప్పూ అక్కడే తేలి, గార పొడిపొడిగా రాలుతుంది. రాలనివ్వండి, మళ్లీ పెట్టుకోవచ్చు. సందు సిమెంటుతో మూసేస్తే చెమ్మ ఇటుక ముఖం మీంచే ఆరాలి. అప్పుడు ఉప్పు ఇటుక పైపొర వెనక పేరుకుని ఆ పొరని బయటికి తోసేస్తుంది. ఇటుకలు గుంటలు పడి, సిమెంటు గీతలు మాత్రం ఎముకల్లా పైకి తేలిన గోడలు మన ఊళ్లలో కనబడేది అందుకే.

నరసన్నపేట వైపు ఒక ఇంట్లో చెమ్మ మోకాలెత్తు ఉండేది. మూడడుగుల దాకా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. రెండో వానాకాలానికి చెమ్మ ఆ ప్లాస్టరింగ్ దాటి కిటికీ కిందకి చేరింది. "మేస్త్రి మోసం చేసేడా బాబూ?" అని ఆ ఇంటి పెద్దావిడ ఒకటే దిగులు. మేస్త్రి పని బాగానే చేశాడమ్మా, తెచ్చిన సరుకే ఆ గోడకి పడలేదు. తట్టి చూస్తే డొల్ల శబ్దం, ఊడదీస్తే ఇటుక పొరతో సహా వచ్చింది.

అసలు కారణం బయట ఉంది. సీసీ రోడ్డు ఎత్తుగా వేసేసరికి వాననీళ్లు గోడ మొదట్లో నిలుస్తున్నాయి. ముందు అక్కడి మట్టి తీయించి, నీళ్లు పోయే కాలవ పెట్టించాం. వేసవంతా గోడ ఆరనిచ్చి, పైకి తేలిన ఉప్పుని పొడి బ్రష్‌తోనే దులిపించాం. కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత గ్రైండర్ పెట్టకుండా, ఉలితో సందులు అంగుళం లోతు గీకించి, తడిపి, గార కూరించాం. ఒక పాలు నానబెట్టిన సున్నం, ఒక పాలు సుర్కీ అనే ఇటుక పొడి, రెండు పాళ్లు నది ఇసుక. సముద్రం ఇసుక మాత్రం వద్దు, అది ఉప్పుని మనమే తెచ్చి పెట్టుకోవడం. ఎండకి గబుక్కున ఆరిపోకుండా వారం పాటు తడి గోనెలు వేలాడదీశాం.

"సున్నం చెమ్మని ఆపుతుంది": ఆపదు, ఆరనిస్తుందంతే. నీళ్లొచ్చే దారి ముందు మూయాలి.

"బెల్లం, కరక్కాయ లేకపోతే గార నిలవదు": పుకారు. మూత తీసి నెలల తరబడి గాలికి వదిలేసిన సున్నమైతే మాత్రం నిజంగానే పట్టదు.

ఇప్పటికే సిమెంటు పెట్టించేసినవాళ్లు కంగారు పడి అంతా పగలగొట్టకండి. ఉలితో మెల్లగా కొడితే ఊడేంతవరకే తీయించండి. ఇటుక అంచు విరుగుతుంటే అక్కడ వదిలేయండి. ఇల్లు మొదటినుంచీ సిమెంటుతోనే కట్టిందయితే ఇదేదీ మీకు వర్తించదు. మేకుతో సందు గీకి చూడండి: సున్నం గారైతే పొడిగా రాలుతుంది, మధ్యమధ్య తెల్లటి సున్నం పలుకులు కనబడతాయి.